హార్డ్ డిస్క్ రిపేరు, పాఠం 4: తప్పు డిస్క్‌దా, కేబుల్‌దా?

పోయిన పాఠంలో క్యాబినెట్ మూత తీసి ఏ వైరు ఎటు పోతుందో చూశాం. హార్డ్ డిస్క్‌కి వచ్చేవి రెండే: సన్నటి డేటా కేబుల్, కాస్త వెడల్పాటి పవర్ కేబుల్. ఈ రోజు పనంతా ఆ రెండింటితోనే.

తేడా చేసిన డిస్క్ ఒక్కోసారి 'టక్ టక్' అని ఆగకుండా కొట్టుకుంటుంది. ముందు ఆ చప్పుడు ఎందుకొస్తుందో చూద్దాం. తిరిగే పళ్లెం మీద ఉన్న గుర్తులను చదివి, తానెక్కడుందో హెడ్ తెలుసుకుంటుంది. అవి దొరక్కపోతే వెనక్కి పోయి మళ్లీ వెతుకుతుంది. అలా పోయి వచ్చినప్పుడల్లా ఒక టక్. ఈ వెతుకులాటంతా డిస్క్ తన లోపలే చేసుకుంటుంది, డేటా కేబుల్‌తో పనిలేదు. మన పరీక్షకు ఆధారం ఇదే.

కంప్యూటర్ ఆపి, గోడ దగ్గర స్విచ్ కూడా కట్టేయండి. డేటా కేబుల్ పీకేసి, పవర్ కేబుల్ మాత్రం ఉంచి ఆన్ చేయండి. చెవిని డిస్క్ దగ్గర పెట్టి వినండి. బాగున్న డిస్క్ గుయ్యిమంటూ వేగం అందుకుని, ఒకటి రెండు చిన్న చప్పుళ్లు చేసి, నిలకడగా తిరుగుతుంది. ఇప్పుడూ టక్ టక్ అంటుంటే డేటా కేబుల్ తప్పేమీ లేదు.

అంతమాత్రాన డిస్క్ పోయిందని తేల్చకండి. కరెంటు చాలకపోయినా ఇదే చప్పుడు వస్తుంది. మధ్యలో కన్వర్టర్ వైరు ఉంటే తీసేసి, ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా వచ్చే వేరే పవర్ కనెక్టర్ పెట్టి చూడండి. పోర్టబుల్ డిస్క్ అయితే వేరే పొట్టి కేబుల్‌తో, క్యాబినెట్ వెనక పోర్టులో పెట్టండి. అయినా టక్ టక్ ఆగకపోతే ఇక ఆన్ చేయొద్దు. దెబ్బతిన్న హెడ్‌తో డిస్క్ తిరిగిన ప్రతిసారీ పళ్లెం మీద గీతలు పడవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా జోలికి అసలు పోవద్దు, లోపల తేమ పడుతుంది. ఫైళ్లు ముఖ్యమైతే డేటా రికవరీ వాళ్లకే ఇవ్వండి.

ఇక చప్పుడేమీ లేకుండా, కనబడని డిస్క్ సంగతి. మా బావమరిది పెళ్లి ఫోటోలు దాచుకున్న కంప్యూటర్ ఒక పొద్దున `Reboot and Select proper Boot device` అని ఆగిపోయింది. బయాస్‌లో డిస్క్ పేరే లేదు. ఆయన టెన్షన్ చూడాలి! పవర్ ఒక్కటే ఇచ్చి వింటే డిస్క్ చక్కగా తిరిగింది. అంటే అనుమానం కేబుల్ మీదికి మళ్లింది, కానీ డిస్క్‌కున్న సర్క్యూట్ బోర్డు పోయినా ఇలాగే తిరగొచ్చు. కొత్త డేటా కేబుల్ వేసి, మదర్‌బోర్డు మీద వేరే పోర్టుకి పెట్టగానే డిస్క్ కనబడింది. ముందు ఫోటోలు కాపీ చేసుకున్నాం.

తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపే CrystalDiskInfo తెరిచాం. C5 అంటే చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల లెక్క, అక్కడ సున్నా ఉంది. C7 అంటే దారిలో చెడిపోయిన డేటా లెక్క, అక్కడ D4 ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది కాబట్టి అది 212. కేబుల్ మార్చినా ఈ అంకె తగ్గదు, అది పాత తప్పుల లెక్క. చూడాల్సింది పెరుగుతోందా అని. వారం తర్వాత కూడా D4 దగ్గరే ఉంది. పాత కేబుల్‌ని కత్తిరించి పారేశాం, మళ్లీ ఎవరూ వాడకుండా.