నిఘంటువులో క్రియలు వెతకడం – పాఠం 3: "విరిసి" ఎక్కడ దొరుకుతుంది?

మా అక్క కూతురు డల్లాస్‌లో పెరిగింది, తెలుగు చదవడం బాగానే వచ్చు, మొన్న ఫోన్ చేసి "పిన్నీ, విరిసిన అనే మాట డిక్షనరీలో లేదు, విరిసు అని కొట్టినా రావట్లేదు" అంది. రాదు మరి, ఎందుకంటే "విరిసు" అనే క్రియే లేదు. ఈ పాఠం దాని గురించే.

పోయిన పాఠంలో సులువైనవి చూశాం కదా, చివర ఇ తీసేసి ఉ పెట్టడం: కొట్టి అంటే కొట్టు, చెప్పి అంటే చెప్పు, వండి అంటే వండు. చివర ఇన ఉన్నా అంతే, వండిన అంటే వండు. బ్రౌన్ 1852లో వేసిన నిఘంటువైనా 1885 నాటి శబ్దరత్నాకరం అయినా క్రియని ఇలా ఉ తో ముగిసే రూపం దగ్గరే పెడతాయి, ఆన్‌లైన్‌లో ఆంధ్రభారతి లాంటి చోట వెతికినా అదే టైప్ చెయ్యాలి. వీటికి ఇంకేం అక్కర్లేదు. చిక్కంతా "సి" తో, "చి" తో ముగిసే వాటి దగ్గరే వస్తుంది.

ముందు ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి, సి ఉంటే యు, చి ఉంటే చు. చేసి అంటే చేయు, కోసి అంటే కోయు, మోసి అంటే మోయు, తెలిసి అంటే తెలియు. దాచి అంటే దాచు, లేచి అంటే లేచు. చేయు లోని య, ఇ కలిసేసరికి స అయిపోయింది, అందుకే మనం వెనక్కి వెళ్ళేటప్పుడు స ని మళ్ళీ య చెయ్యాలి, అంతే తప్ప స ని అలాగే ఉంచి ఉ తగిలిస్తే "చేసు", "విరిసు" లాంటివి వస్తాయి, అవి పుస్తకంలో ఉండవు.

ఇప్పుడు మా పిల్ల అడిగిన మాటే తీసుకుందాం, దాని పక్కనే ఇంకో రెండు పెడతా, మూడూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి: విరిసి, విరిచి, విరిగి. మల్లెపూలు విరిసి, పుల్ల విరిచి, కొమ్మ విరిగి. ఒక్క అక్షరమే తేడా కానీ మూడు వేరే క్రియలు, నిఘంటువులో మూడు వేరే చోట్ల ఉంటాయి. విరిసి లో సి కాబట్టి విరియు. విరిచి లో చి కాబట్టి చు, కానీ "విరిచు" కాదు, విరుచు. విరిగి కూడా "విరిగు" కాదు, విరుగు.

మధ్యలో రి కాస్తా రు ఎందుకైంది అంటారా, అసలు అక్కడ ఉన్నదే రు. చివర ఇ వచ్చేసరికి దాని ముందున్న ఉ కూడా ఇ అయిపోతుంది: అడుగు + ఇ అంటే అడిగి, పెరుగు అంటే పెరిగి, పిలుచు అంటే పిలిచి, కలుపు అంటే కలిపి. కాబట్టి వెనక్కి వచ్చేటప్పుడు చివరి రెండు ఇ లనీ మార్చాలి, ఒక్కటి మార్చి ఆగిపోకూడదు. యు ముందు మాత్రం మధ్యలో ఇ సాధారణంగా అలాగే ఉంటుంది, అందుకే విరియు, కలియు, తడియు, కురియు. ఇక్కడ కొన్ని మొండివి ఉన్నాయి, మెరిసి వెతికితే మెరయు దగ్గర తేలుతుంది, ఎగసి అయితే ఎగయు. మెరియు అని కొట్టి దొరకకపోతే య ముందు అ పెట్టి చూడండి, నేను అలాగే చేస్తా.

"కుండా చేర్చి చూస్తే సరిపోతుంది కదా" అని చాలామందికి ఒక అలవాటు ఉంటుంది: చేయకుండా, కోయకుండా, తెలియకుండా అని, య వినిపిస్తే యు అన్నమాట. సగం పనిచేస్తుంది. కానీ తడిసి ని పరీక్షిస్తే మనం తడవకుండా అంటాం, కురవకుండా, కలవకుండా అంటాం, య ఎక్కడా వినపడదు, పాత యకారం ఇప్పుడు మన నోట్లో వ అయిపోయింది. పిలిచి, గెలిచి కూడా పిలవకుండా, గెలవకుండా అవుతాయి, అవి మాత్రం పిలుచు, గెలుచు. అంటే వ వినిపిస్తే ఏమీ తేలదు, సి ఉందా చి ఉందా అన్నదాన్నే నమ్మాలి. ఇంక పిలిచి ని "పిలిసి" అని పలికినట్టే రాసేవాళ్ళది చదువుతుంటే మాత్రం రెండూ కొట్టి చూడటమే.

అలా చి కాస్తా సి అయిపోయిన మాటల్లో రోజూ తగిలేది చూసి. సూత్రం ప్రకారం చూయు రావాలి, రాదు, అది చూచు. పాత పుస్తకాల్లో చూచి అనే ఉంటుంది. ఇక్కడ మాత్రం కుండా పరీక్ష పనికొస్తుంది, చూడకుండా అంటాం కదా, య గానీ వ గానీ వినపడలేదంటే యు మీద అనుమానం పెట్టుకోవచ్చు. కాసి, కాచి కూడా చూడండి: చెట్టు కాసింది అంటే కాయు, పాలు కాచింది అంటే కాచు. రూపం చూసి మాత్రమే కాదు, వాక్యంలో ఏం జరుగుతోందో చూసి తేల్చుకోవాలి.

ఇంకో పెద్ద బోల్తా: పోయి, పోసి. నీళ్ళు పోసి అంటే సి ఉంది, పోయు, బాగానే ఉంది. పోయి ని చూడగానే యు కళ్ళకి కనిపిస్తోంది కదా అని పోయు దగ్గరికి వెళ్తారు, తీరా అక్కడ "ద్రవం ఒంపుట" లాంటి అర్థం చదివి ఊరికి పోయిన మనిషి నీళ్ళు ఒంపాడేంటి అని తల గోక్కుంటారు. పోయి కి మూలం పోవు. సి లేని చోట సూత్రం వాడకూడదు. అలాగే అయి కి అగు లేదా అవు.

ఒక వాక్యం పూర్తిగా విడదీద్దాం: "వాన కురిసి తడిసిన పుస్తకాన్ని చూసి, అడిగి తెచ్చి ఇలా పాడుచేశావా అని ఉత్తరం రాసి పంపింది." కురిసి కురియు, తడిసిన లో చివరి న తీస్తే తడిసి, అంటే తడియు, చూసి చూచు, అడిగి అడుగు, తెచ్చి తెచ్చు. రాసి దగ్గర ఆగండి. సి ఉంది, రాయు అని కొడితే "రుద్దు" అనే అర్థం వస్తుంది, నూనె రాసి అన్నప్పుడు అది సరే, ఉత్తరానికి కాదు. పాత నిఘంటువులు రాతని వ్రాయు దగ్గర పెడతాయి, మనం పలకడం మానేసిన వ ని వాళ్ళు వదల్లేదు. ఇంకొన్నిటిలో మనం మానేసింది ర ని: తాగి అంటే త్రాగు, తవ్వి అంటే త్రవ్వు, తోసి అంటే త్రోయు, మింగి అంటే మ్రింగు, పాకి అంటే ప్రాకు. మొదటి అక్షరం దగ్గర దొరకకపోతే దాని కింద ర ఒత్తు పెట్టి మళ్ళీ వెతకండి, మా అక్క కూతురు ఈ ఒక్కదానికే అరగంట పోగొట్టుకుంది.

వచ్చే పాఠంలోపు ఇవి చెయ్యండి: మురిసి, విడిచి, మునిగి, మోగి, ఏరిన, వేసిన, కలిగిన. పడ్డ, విన్న, కన్న లాంటి కుదించుకుపోయిన రూపాల్ని అప్పుడు పట్టుకుందాం, కన్న ఒక్కదానికే ఒక పూట పడుతుంది, కలలు కన్నా కను, బిడ్డని కన్నా కను కాబట్టి.