తప్పు ఆప్షన్ ఎప్పుడు ఒప్పవుతుంది?

మెడికల్ పరీక్షలో కేసు ప్రశ్నకు జవాబు గుర్తించాక, మిగిలిన ప్రతి ఆప్షన్ దగ్గరా ఆగి "కేసులో ఏది మారితే ఇది ఒప్పవుతుంది?" అని అడగండి. వానాకాలంలో హైదరాబాద్ వార్డుల్లో మనం చూసే డెంగీనే తీసుకోండి. ఐదో రోజు జ్వరం తగ్గింది, చేతులు చల్లబడ్డాయి, రక్తపోటు 100/80, హెమటోక్రిట్ 52, ప్లేట్‌లెట్లు 40,000, రక్తస్రావం లేదు. ఇప్పుడు ఏమివ్వాలి అన్నది ప్రశ్న. జవాబు సెలైన్.

ప్లేట్‌లెట్లు ఎక్కించడం ఎందుకు కాదు? తీవ్ర రక్తస్రావం ఉంటే సరే. ఇక్కడ రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి పోతోంది. రక్తపోటులో 100కీ 80కీ మధ్య తేడా 20కి తగ్గిపోవడమే సాక్ష్యం, చాలామంది దాన్ని దాటేస్తారు. ఫ్యూరోసెమైడ్ అయితే, కోలుకునే దశలో రక్తపోటు నిలకడగా ఉండి, ఒంట్లో ద్రవం ఎక్కువై ఆయాసం వచ్చినప్పుడు ఒప్పవుతుంది. ఒక ఆప్షన్‌ను కొట్టివేయడానికి కేసులోంచి ఒక్క ఆధారమైనా చూపలేకపోతే ఆ ప్రశ్నను మళ్లీ చదవండి.