‘నంబర్ ఆఫ్’ తర్వాత ఈజా, ఆరా? ఎర్రర్ స్పాటింగ్‌లో తప్పు పట్టుకోవడం ఎలా?

మారతహళ్లి పీజీల్లో ఉంటూ బ్యాంకు పరీక్షలకు చదివే మన తెలుగు పిల్లల గ్రామర్ పేపర్లు ఆదివారాలు నేనే దిద్దుతాను. వారం వారం అదే తప్పు చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

పెన్సిల్ చాలు. వాక్యమంతా ఒకసారి చదవండి, ప్రధాన క్రియ కింద గీత గీయండి, ‘ఎవరు? ఏది?’ అని అడిగి కర్తను పట్టుకోండి. పెన్నుతో గీయొద్దు, మనసు మార్చుకుంటే పేపరు పాడవుతుంది.

‘ఎవ్రీవన్’, ‘న్యూస్’ దగ్గర మనల్ని తెలుగే తప్పుదారి పట్టిస్తుంది. ‘ప్రతి ఒక్కరూ వచ్చారు’, ‘వార్తలు వచ్చాయి’ అనే అలవాటుతో ‘ఎవ్రీవన్ హావ్ కమ్’, ‘ది న్యూస్ ఆర్ గుడ్’ అని రాసేస్తాం. ఇంగ్లీషులో రెండూ ఏకవచనాలే: ఎవ్రీవన్ హాజ్, ది న్యూస్ ఈజ్.

అసలు చిక్కు ‘నంబర్ ఆఫ్’ దగ్గర. ‘ఆఫ్ నుంచి కొట్టేసి మిగిలింది చూడు’ అని చాలా చోట్ల నేర్పుతారు. ‘వన్ ఆఫ్ ది బాయ్స్ ఈజ్ ఇల్’కి అది సరిపోతుంది. కానీ ‘ఎ నంబర్ ఆఫ్ షాప్స్ ఆర్ క్లోజ్డ్’లో అలా కొట్టేస్తే ‘ఎ నంబర్’ మిగులుతుంది. పిల్లలు సరిగ్గా ఉన్న ‘ఆర్’ని తీసేసి ‘ఈజ్’ పెడతారు. అక్కడే మార్కు పోతుంది.

అందుకే కొట్టేసే ముందు తెలుగులో చెప్పుకోండి. ‘చాలా షాపులు మూసి ఉన్నాయి.’ ‘ఎ నంబర్ ఆఫ్’ అంటే ‘చాలా’ అనే, కర్త షాపులే, కాబట్టి బహువచనం. మధ్యలో ‘లార్జ్’, ‘గ్రోయింగ్’ చేరినా మారదు. అదే ‘ది నంబర్ ఆఫ్ షాప్స్’ అయితే ‘షాపుల సంఖ్య పెరిగింది’ అంటాం. పెరిగింది సంఖ్య, షాపులు కాదు. కనుక ‘హాజ్ ఇంక్రీజ్డ్’. ఇందాక తప్పుదారి పట్టించిన తెలుగే ఇక్కడ దారి చూపిస్తుంది. ‘ఎ’కి బహువచనం, ‘ది’కి ఏకవచనం అని బట్టీ పట్టిన వాళ్లు పరీక్ష హాల్లో రెండూ తారుమారు చేయడం నేను చూస్తూనే ఉన్నాను. అర్థం పట్టుకున్నవాళ్లు చేయరు.

మొన్న ఒకబ్బాయికి ఈ వాక్యం ఇచ్చాను: ‘ది నంబర్ ఆఫ్ పీపుల్ హూ ట్రావెల్ బై మెట్రో హావ్ గాన్ అప్.’ సంఖ్య ఏకవచనమని గుర్తుంది గానీ, మొదట కనబడిన ‘ట్రావెల్’ని ‘ట్రావెల్స్’గా దిద్ది, ‘హావ్’ని వదిలేశాడు. ప్రయాణించేది ఎవరు? జనం. ‘హూ’ వాళ్లనే సూచిస్తుంది, కాబట్టి ‘ట్రావెల్’ సరైనదే. పెరిగింది ఏది? సంఖ్య. దిద్దాల్సింది ‘హావ్’ని, ‘హాజ్’గా. వాక్యంలో ‘హూ’, ‘విచ్’, ‘దట్’ కనిపిస్తే ఆ ముక్కను పెన్సిల్‌తో బ్రాకెట్లో పెట్టి, బయట మిగిలిన క్రియను కర్త పక్కన పెట్టి చదవండి: ‘ది నంబర్ హాజ్ గాన్ అప్.’