మాటలు తగ్గించినా పోస్టర్ అర్థం కావడం లేదా? ఖాళీలు కొలవండి

సదస్సుల కాలం వస్తే చాలు, గుంటూరులో నా దగ్గరకు వచ్చే పరిశోధక విద్యార్థులందరిదీ ఒకటే ఫిర్యాదు: "పోస్టర్ ముందు నిలబడి మొత్తం చూస్తారు సార్, చివరికి 'ఇంతకీ ఏమి తేలింది?' అని అడుగుతారు."

నేను అడిగేదీ ఒకటే. ఏ4 కాగితం మీద ప్రింటు తీసి చూశారా? తీయరు. ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూసుకుని, నేరుగా ఫ్లెక్స్ షాపుకు వెళ్లిపోతారు.

ఏ0 పోస్టర్ కొలత 841 × 1189 మి.మీ. ఏ4 పొడవులోనూ వెడల్పులోనూ అందులో నాలుగో వంతు. పోస్టర్ మీద 24 పాయింట్ల అక్షరం ఏ4 మీద 6 పాయింట్లవుతుంది. ఆ కాగితాన్ని అడుగున్నర దూరంలో పట్టుకుంటే, అసలు పోస్టర్‌ను ఆరడుగుల దూరం నుంచి చూసినట్టే. అది చదవలేకపోతే ఇక వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఏ4 మీద చదవలేకపోతున్నారు

మాటలు ఎక్కువ. ముందు సారాంశం తీసేయండి, పోస్టరే సారాంశం. పూర్వ పరిశోధనల సమీక్షను రెండు వాక్యాలకు కుదించండి, పద్ధతిని ఒక బొమ్మగా గీయండి. "ఫలితాలు" అనే శీర్షిక కొట్టేసి, తేలిన విషయాన్నే శీర్షికగా రాయండి. పరిశోధనా పత్రంలోని గ్రాఫును ఫోటో తీసి సాగదీయకండి. దాన్ని పత్రికలోని సన్నని కాలమ్ కోసం గీశారు. పెద్ద అక్షరాలతో మళ్లీ గీయాల్సిందే.

చదవగలుగుతున్నారు, అయినా అర్థం కావడం లేదు

నన్ను రెండుసార్లు దెబ్బతీసింది ఇదే. మాటలు తగ్గాయి, అక్షరాలు పెద్దవయ్యాయి, అయినా చూసేవాళ్లు తప్పు వరుసలో చదువుతున్నారు. చేసినవాడికి ఇది కనబడదు. వరుస అతని బుర్రలో ఉంటుంది కాబట్టి కన్ను సరైన దారిలోనే పోతుంది.

కిందటిసారి ఒక అమ్మాయి మిరప పండ్లను కల్లంలో ఆరబెట్టడానికీ సోలార్ డ్రైయర్‌లో ఆరబెట్టడానికీ తేడా మీద పోస్టర్ తెచ్చింది. రెండు నిలువు వరుసలు, ఒక్కోదానిలో మూడు పెట్టెలు. ఎడమ వరుసలో సమస్య, డ్రైయర్ బొమ్మ, పద్ధతి. కుడి వరుసలో గ్రాఫు, రంగు పోలిక, ముగింపు. ఏ4 ప్రింటు ఆమె హాస్టల్ స్నేహితురాలి చేతికిచ్చి, చదివిన క్రమంలో పెట్టెలకు పెన్నుతో అంకెలు వేయమన్నాను. సమస్యకు 1 వేసి, నేరుగా కుడివైపు గ్రాఫుకు 2 వేసింది. "ఇందులో డ్రైయర్ అంటే ఏది?" అని అడిగింది. డ్రైయర్ బొమ్మ మొదటి పెట్టె కిందే ఉంది!

స్కేలు పెట్టి కొలిస్తే దొంగ దొరికాడు. పోస్టర్ లెక్కలో రెండు వరుసల మధ్య ఖాళీ 15 మి.మీ., ఒకే వరుసలోని పెట్టెల మధ్య 30 మి.మీ. కన్ను దగ్గరగా ఉన్నవాటిని ఒక జట్టుగా చూస్తుంది. పైగా ఎడమ పెట్టెల, కుడి పెట్టెల పై అంచులు ఒకే గీత మీద ఉన్నాయి. ఇక కన్ను కిందికి ఎందుకు దిగుతుంది, అడ్డంగా దూకుతుంది.

మేము చేసింది ఇంతే. వరుసల మధ్య ఖాళీ 45 మి.మీ. చేశాం, పెట్టెల మధ్య 15కు తగ్గించాం. ఏ4 మీద అవి సుమారు 11, 4 మి.మీ.గా కనబడతాయి. పెట్టెల చుట్టూ గీతలు తీసేసి, ఒక్కో వరుస వెనుక పైనుంచి కిందిదాకా ఒకే లేత రంగు పరిచాం. పద్ధతి బొమ్మను కాస్త పొడవు చేసి, కుడివైపు అంచులతో కలవకుండా చూశాం. ఈసారి పోస్టర్ చూడని మరో ఇద్దరికి ఇస్తే ఇద్దరూ సరైన క్రమంలోనే అంకెలు వేశారు.

పెట్టెలకు 1, 2, 3 అని ముద్రిస్తే సరిపోదా అంటారు. సరిపోదు, అంకె చూసేలోపే కన్ను దూకేస్తుంది. అడ్డంగా చదివించేలా పేర్చవచ్చు కదా అని కూడా అంటారు. అలా చేస్తే ముందు నలుగురు నిలబడినప్పుడు ప్రతి అడ్డ వరుసకూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడవాలి.

అరుదైనవి

రంగులు తెర మీద ఒకలా, ఫ్లెక్స్ మీద ఒకలా వస్తాయి. కొద్దిపాటి తేడా ఎవరికీ పట్టదు. అక్షరాలు మారిపోతే ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇవ్వండి. వృత్తాలు కోడిగుడ్లలా వస్తే ఏ0 ఫైలును 3 × 4 అడుగుల ఫ్లెక్స్‌కు సాగదీశారన్నమాట. ఫ్లెక్స్ షాపుల లెక్క అడుగుల్లో ఉంటుంది. "సాగదీయవద్దు, మిగిలిన అంచు తెల్లగా వదిలి కత్తిరించండి" అని ముందే చెప్పండి.