ఫోటోలో ఫ్యూజ్ రెసిస్టర్‌లా, ఎర్త్ బ్యాటరీలా కనిపిస్తే: సమస్య - పరిష్కారం

మొన్న ఒక స్నేహితుడు ఇనుప బాడీ ఉన్న టేబుల్ ల్యాంప్ సర్క్యూట్ డయాగ్రమ్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పంపాడు. "ఇందులో రెసిస్టర్ ఎందుకు? ప్లగ్గులో పెట్టే ల్యాంప్‌కి బ్యాటరీ ఎందుకు?" అని అడిగాడు. డయాగ్రమ్‌లో ఆ రెండూ లేవు. ఆయన రెసిస్టర్ అనుకున్నది ఫ్యూజ్, బ్యాటరీ అనుకున్నది ఎర్త్. కాగితం మీద ఉన్న సన్నటి గీతలు ఫోటోలోకి వచ్చేసరికి మాయమయ్యాయి, అంతే. ఆ ఒక్క ఫోటోనే పట్టుకుని ఒక్కో గుర్తూ చూద్దాం.

సమస్య: ఫ్యూజ్ ఉండాల్సిన చోట ఖాళీ పెట్టె

అంతర్జాతీయ పద్ధతిలో ఫ్యూజ్ గుర్తు చిన్న దీర్ఘచతురస్రం. దాని మధ్యలోంచి, ఈ చివర నుంచి ఆ చివరికి ఒక సన్న గీత వెళ్తుంది. అదే పెట్టెలో గీత లేకపోతే రెసిస్టర్. అంటే రెండిటికీ తేడా ఒక్క గీత. ఫోటోలో ముందు చచ్చిపోయేదీ అదే.

ఎందుకు పోతుందో లెక్క వేస్తే తెలిసిపోతుంది. ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు. ఫోటో పొడవు 4000 పిక్సెల్స్ ఉండి, కాగితం ఫ్రేమ్ నిండా ఉంటే, మిల్లీమీటరుకు 13 పిక్సెల్స్ వస్తాయి. పావు మిల్లీమీటరు గీతకు 3 పిక్సెల్స్. అది చాలు. ఆ ఫోటోని చాటింగ్ యాప్ 1600 పిక్సెల్స్‌కి కుదించిందనుకోండి, అదే గీతకు మిగిలేది ఒకటిన్నర పిక్సెల్ కూడా కాదు. కాగితం ఫ్రేమ్‌లో సగమే ఉంటే ఒక్క పిక్సెల్ కూడా దక్కదు. ఇక జూమ్ చేసి లాభం లేదు, లేని గీత ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే మళ్లీ ఫోటో తీయగలిగితే తీయడమే మంచి మందు. కాగితం మొత్తం ఒకేసారి కాకుండా నాలుగు ముక్కలుగా, అంచులు కొంచెం ఒకదాని మీదకి ఒకటి వచ్చేలా, నిటారుగా పైనుంచి తీయాలి. ఫ్లాష్ వద్దు, పక్క నుంచి వెలుగు పడితే చాలు. పంపేటప్పుడు ఫోటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే యాప్ దాన్ని కుదించదు.

తీయడం కుదరకపోతే పెట్టె పక్కన రాసిన అంకె చూడాలి. నా స్నేహితుడి ఫోటోలో పెట్టె పక్కన `F1`, దాని కింద `2A` అని మసకగా ఉంది. ఆంపియర్లు రాసి ఉంటే ఫ్యూజ్, ఓమ్‌లు రాసి ఉంటే రెసిస్టర్. ఏమీ రాసి లేకపోతే అదే డయాగ్రమ్‌లో ఇంకో చోట రెసిస్టర్ ఎలా గీశారో వెతకండి. రంపపు పళ్లలా గీసి ఉంటే అది అమెరికా పద్ధతి. అందులో ఫ్యూజ్‌ని చాలాసార్లు ఒకే ఒక అల లాగా, పడుకోబెట్టిన ఎస్ ఆకారంలో గీస్తారు. రంపానికి మొనలుంటాయి, అలకు ఉండవు.

గుర్తు ఉన్న చోటు కూడా సాక్ష్యమే. ఈ ల్యాంప్‌లో ఫేజ్ వైరు లోపలికి రాగానే మొదట తగిలింది ఆ పెట్టె. సప్లైకి దగ్గరగా, ఫేజ్ మీద, వరసలో ఉంటే ఫ్యూజ్ అనుకోవడానికి బలమైన కారణమే. కానీ ఎలక్ట్రానిక్ బోర్డుల్లో అదే చోట చిన్న రెసిస్టర్ పెట్టేవాళ్లూ ఉన్నారు కాబట్టి చోటు ఒక్కటే చూసి తేల్చేయకండి.

సమస్య: ఎర్త్ గుర్తు బ్యాటరీలా, లేదా కెపాసిటర్‌లా ఉంది

ఎర్త్ అంటే ఒక వైరు చివర మూడు అడ్డగీతలు: పెద్దది, మధ్యది, చిన్నది. ఫోటో పక్కకి తిరిగితే ఆ గీతలు నిలువు గీతలవుతాయి. పైగా చివరి చిన్న గీత మసకబారి పోతే మిగిలేవి రెండు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బ్యాటరీ సెల్ గుర్తు సరిగ్గా ఇలాగే ఉంటుంది! రెండూ సమానంగా కనిపిస్తే కెపాసిటర్ అనిపిస్తుంది.

ఇక్కడ గీతల్ని కాదు, వైర్లని లెక్కపెట్టండి. బ్యాటరీకైనా, కెపాసిటర్‌కైనా అటూ ఇటూ రెండు వైపులా వైర్లు ఉంటాయి. ఎర్త్‌కి ఒక్క వైపే, అదీ పొడుగు గీత వైపే వైరు ఉంటుంది. పొట్టి గీత తర్వాత ఏమీ ఉండదు. స్నేహితుడి ఫోటోలో ల్యాంప్ బాడీ నుంచి వచ్చిన వైరు ఆ గీతల దగ్గరే ఆగిపోయింది, తిరిగి ఎక్కడికీ వెళ్లలేదు. అక్కడే ఎర్త్ అని తేలిపోయింది. ముందే ఫోటోని తిప్పి అక్షరాలు నిటారుగా పెట్టుకుని ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు.

మూడు గీతల చుట్టూ వృత్తం ఉంటే అది రక్షణ ఎర్త్, దాని పక్కన `PE` అని రాస్తారు. ఒక అడ్డగీత కింద దువ్వెన పళ్లలా ఏటవాలు గీతలుంటే అది పరికరం బాడీకి కలిపిన చోటు. దాన్ని చూసి భూమిలోకి వెళ్లే ఎర్త్ అనుకోకూడదు.

సమస్య: బల్బు ఉండాల్సిన చోట నల్ల చుక్క

వృత్తంలో ఇంటూ గుర్తు ఉంటే బల్బు. చిన్న సైజులో ఆ ఇంటూ అలుక్కుపోయి వృత్తమంతా నల్లబడుతుంది, వైర్లు కలిసే జాయింట్ చుక్కలా కనిపిస్తుంది. ఫోటో ఎడిటర్‌లో నీడల్ని కాస్త తేలిక చేసి చూడండి, ఇంటూ అయితే నాలుగు తెల్లటి ముక్కలు బయటపడతాయి. అప్పటికీ తెలియకపోతే సైజు పోల్చండి: జాయింట్ చుక్క వైరు గీత కన్నా కొద్దిగానే లావు, బల్బు వృత్తం దానికి చాలా రెట్లు ఉంటుంది. మామూలుగా చుక్క దగ్గర మూడు వైర్లు కలుస్తాయి, బల్బుకు రెండే. వృత్తంలో ఎం అక్షరం ఉంటే మోటారు.

సమస్య: స్విచ్ కనిపించడం లేదు

స్విచ్ అంటే వైరులో చిన్న ఖాళీ, దాని మీద ఏటవాలుగా లేచిన పుల్ల. మసక ఫోటోలో ఖాళీ పూడిపోయి, వైరు కొంచెం వంగినట్టు కనిపిస్తుంది. సర్క్యూట్ డయాగ్రమ్‌లో వైర్లను దాదాపు ఎప్పుడూ అడ్డంగా, నిలువుగానే గీస్తారు. అందుకే ఫేజ్ దారిలో పొట్టి ఏటవాలు గీత కనిపిస్తే అక్కడ అనుమానించండి. మూడు వైర్లు తగిలితే అది టూవే స్విచ్.

సమస్య: ఇంటి వైరింగ్ ప్లాన్‌లో ఈ గుర్తులేవీ లేవు

ఇది ఫోటో తప్పు కాదు. గదులు గీసిన ప్లాన్‌లో గుర్తులే వేరు. స్విచ్ అంటే గోడ మీద చిన్న వృత్తం, దానినుంచి ఏటవాలు గీత, చివర చిన్న కొక్కెం. టూవేకి రెండు వైపులా గీతలుంటాయి. లైట్ పాయింట్ ఒక ఇంటూ. ఏ స్విచ్ ఏ లైటుకో చెప్పేది వాటిని కలిపే వంపు గీత. ఫ్యూజ్, ఎర్త్ చాలాసార్లు ఇందులో ఉండవు, అవి డిస్ట్రిబ్యూషన్ బోర్డు డయాగ్రమ్‌లో ఉంటాయి. అది వేరే షీటు, అడిగి తెప్పించుకోవాలి. గుర్తుల అర్థాలిచ్చే పట్టిక సాధారణంగా షీటు ఏదో ఒక మూలన ఉంటుంది, ఫోటో తీసేవాళ్లు దాన్నే కత్తిరించేస్తారు.

ల్యాంప్ సంగతికి వస్తే, చివరికి దారి ఇలా తేలింది: ఫేజ్, 2 ఆంపియర్ల ఫ్యూజ్, స్విచ్, బల్బు, న్యూట్రల్, బాడీ నుంచి విడిగా ఎర్త్. ఇదంతా కాగితం మీది మాట. అసలు ల్యాంప్‌లో ఎవరైనా స్విచ్‌ని న్యూట్రల్ మీద వేసి ఉంటే, స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది, డయాగ్రమ్ ఆ సంగతి చెప్పదు. అందుకే ప్లగ్ పీకాకే విప్పమన్నాను. విప్పి చూస్తే ఫ్యూజ్ హోల్డర్ సరిగ్గా ఆ "రెసిస్టర్" చోటే ఉంది.