వానలు మొదలయ్యేలోపు బండి కింది ఆయిల్ మరకను ఫోటోలో పరిశీలించేవారికి జాగ్రత్తలు

నిలిపి ఉంచిన మోటార్ సైకిల్ కింద ఆయిల్ మరక కనిపించినప్పుడు, దాన్ని ఫోటో తీసి తెలిసిన మెకానిక్‌కు పంపి, ఎక్కడి నుంచి కారుతోందని అడగడం ఇప్పుడు మామూలైపోయింది. ఈ పని వేసవి చివర్లో, నేల పొడిగా ఉన్నప్పుడే చేయాలి. జూన్‌లో వానలు మొదలై నేల తడిసిందంటే, నీటి మీద ఆయిల్ రంగురంగుల పొరలా పరుచుకొని, చుక్క అసలు ఎక్కడ పడిందో చెప్పే ఆధారం పోతుంది. పైగా ఇంజిన్ కింద కారే ఆయిల్ బండి నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుపోయి వెనక టైరును చేరగలదు. తడి రోడ్డు మీద అలాంటి టైరుతో మలుపు తిరగడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ చెబుతున్నదంతా మన ఊళ్లలో ఎక్కువగా తిరిగే 100, 125 సీసీ గాలితో చల్లబడే బండ్ల గురించి, అంటే ఎడమ వైపు చైను, ఎడమ వైపే సైడ్ స్టాండ్ ఉన్నవాటి గురించి. వీటిలో ఇంజిన్‌కు, గేర్లకు, క్లచ్‌కు ఒకే ఆయిల్ అందుతుంది. కాబట్టి మరక నల్లగా ఉందా, తేనె రంగులో ఉందా అన్నది ఆయిల్ పాతదో కొత్తదో చెబుతుందే తప్ప, ఏ భాగం నుంచి వచ్చిందో చెప్పదు. ఆ సంగతి చెప్పగలిగేది మరక పడిన చోటు ఒక్కటే. దాన్ని కూడా బండి ఏ స్టాండ్ మీద ఉందో తెలిసినప్పుడే నమ్మాలి.

అందువల్ల మరకను మాత్రమే దగ్గరగా తీసిన ఫోటో దాదాపు పనికిరాదు. రెండు చక్రాలు నేలను తాకే చోట్లు, స్టాండ్ కాలు, మరక, ఇవన్నీ ఒకే ఫోటోలో పడేలా కొంచెం ఎత్తు నుంచి తీయాలి. ఆ తరువాత ఒక నాణెం పక్కన పెట్టి మరకను దగ్గరగా మరో ఫోటో తీయాలి. గరుకు సిమెంటు నేల ఆయిల్‌ను పీల్చుకొని మరకను పెద్దది చేస్తుంది. ఆ చోట నిన్న వేరే బండి నిలబడి ఉంటే మరక దానిది కూడా కావచ్చు. ఈ రెండు చిక్కులూ లేకుండా ఉండాలంటే రాత్రి బండి కింద శుభ్రమైన అట్టముక్క పరచి, దానిపై ముందు వైపును బాణం గుర్తుతో సూచించి, తెల్లవారాక బండి కదపకముందే ఫోటో తీయాలి.

ఒక ఉదాహరణను వివరంగా చూద్దాం. రాత్రంతా సైడ్ స్టాండ్ మీద ఉన్న బండి కింద, టైర్ల వరుసకు ఎడమ పక్కన, ఎడమ ఫుట్‌రెస్ట్‌కు దాదాపు దిగువన, ఐదు రూపాయల నాణెమంత నల్లటి మరక ఉందనుకుందాం. ఫోటో చూడగానే చాలామంది డ్రెయిన్ బోల్టు అంటారు. బండి ఎడమకు వాలి ఉన్నప్పుడు ఇంజిన్ అడుగున ఉన్న ఆ బోల్టు నుంచి పడే చుక్క కూడా టైర్ల వరుసకు ఎడమగానే పడుతుంది కాబట్టి ఆ అనుమానంలో తప్పు లేదు. అయితే గేర్ రాడ్ షాఫ్టు సీలు, ముందు చైన్ స్ప్రాకెట్ వెనక ఉండే సీలు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. బండి వాలినప్పుడు లోపలి ఆయిల్ కూడా ఎడమకే చేరుతుంది గనుక ఆ సీళ్లు అరిగి ఉంటే అప్పుడే ఎక్కువగా కారతాయి. నాలుగో అనుమానం చైనుకు పూసిన గ్రీజు మీద. వేడికి కరిగి దుమ్ముతో కలిసి జారే ఆ గ్రీజును చూసి ఇంజిన్ ఆయిల్ కారుతోందని కంగారుపడేవారు తక్కువేమీ కాదు.

ఈ నాలుగింటినీ ఒక్క ఫోటోతో విడదీయలేము. మరుసటి రాత్రి అదే బండిని డబుల్ స్టాండ్ మీద సమతలమైన నేలపై నిలిపి, కొత్త అట్ట పరచి, మళ్లీ ఫోటో తీయాలి. మరక ఈసారి టైర్ల వరుసకు దగ్గరగా, బోల్టు సరిగ్గా కిందికి జరిగితే అనుమానం బోల్టు మీదా, దాని వాషర్ మీదా బలపడుతుంది. మన ఉదాహరణలో మరక చిన్నదైంది కానీ ఎడమ పక్కనే ఉండిపోయింది. కనుక బోల్టును ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. కుడి వైపు క్లచ్ కవర్ ప్యాకింగ్, కిక్ రాడ్ సీలు విషయంలో ఇది తలకిందులుగా జరుగుతుంది. సైడ్ స్టాండ్ మీద కుడి వైపు పైకి లేవడంతో అవి కారకుండా ఆగి, బండిని నిటారుగా నిలిపినప్పుడు బయటపడవచ్చు.

ఇక తేలవలసింది రెండు సీళ్ల మధ్యా, గ్రీజు విషయంలోనూ. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఎడమ వైపున ఉన్న జిడ్డును కొద్దిగా కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఆ చోట టాల్కం పౌడరు పలుచగా చల్లాలి. టైరుకు గాని, బ్రేకులకు గాని కిరోసిన్ తగలనివ్వకూడదు. వేడి సైలెన్సర్ దగ్గర పెట్రోలుతో తుడవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు. పదిహేను నిమిషాలు నడిపి వచ్చి టార్చి వెలుగులో చూస్తే, మన ఉదాహరణలో గేర్ రాడ్ ఇంజిన్‌లోకి వెళ్లే చోట మొదలై పౌడరు మీదుగా కిందికి దిగిన సన్నని తడి గీత కనిపించింది. స్ప్రాకెట్ కవర్ లోపల దట్టమైన పాత గ్రీజు ఉన్నా అది కదలలేదు. అంటే కారుతున్నది గేర్ రాడ్ సీలు. గీత ఎక్కడ మొదలైందో పైకి వెతుక్కుంటూ పోవాలి తప్ప, చుక్క వేలాడుతున్న చోటే లోపం ఉందనుకోకూడదు. హెడ్డు దగ్గర ఊరిన ఆయిల్ కూడా బోరు మీదుగా జారి ఇంజిన్ అడుగునే చుక్కగా పడుతుంది.

మరక ముందు చక్రం దగ్గర ఉంటే అనుమానం ముందు షాకబ్జర్ల ఆయిల్ సీలు మీదికీ, డిస్క్ ఉన్న బండైతే బ్రేక్ ఆయిల్ మీదికీ మళ్లుతుంది. ఈ రెండింటిలో ఏదైనా సరే, డిస్కుకు గాని ప్యాడ్లకు గాని తడి తగిలిందేమో చూడకుండా బండి తీయకూడదు. పెట్రోలైతే వాసన వస్తుంది, తెల్లారేసరికి చాలావరకు ఆరిపోతుంది. ఎయిర్ ఫిల్టర్ గొట్టం చివర నుంచి ఆయిల్ పడుతుంటే, ఇటీవల సర్వీసులో ఆయిల్ ఎక్కువ పోశారేమో ముందు చూడాలి.

మరక సైజును బట్టి ఎంత ఆయిల్ పోయిందో అంచనా వేయడం సరైన పద్ధతి కాదు. నాణెమంత మరక ఒకటి రెండు చుక్కలదే కావచ్చు, కానీ నడుస్తున్నప్పుడు రోడ్డు మీద పోయినది ఫోటోలో పడదు. ఈ తరగతి బండ్లలో చాలావాటికి పట్టే ఆయిల్ మొత్తం ఒక లీటరుకు అటూఇటూ మాత్రమే కాబట్టి, ప్రయాణానికి ముందు బండిని నిటారుగా నిలిపి, ఇంజిన్ ఆపిన రెండు మూడు నిమిషాల తరువాత డిప్‌స్టిక్ చూడాలి. దాన్ని మర బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది బండితో వచ్చిన పుస్తకం చెబుతుంది. మట్టం కింది గీతకంటే తగ్గి ఉంటే, ఎక్కడ కారుతుందో చూద్దామని కూడా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు.

బోల్టు నుంచే కారుతోందని తేలినా, దాన్ని బలమంతా పెట్టి బిగించడం మంచిది కాదు. ఇంజిన్ కేసు అల్యూమినియంది గనుక లోపలి మర జారిపోతే చిన్న పని పెద్దదవుతుంది. తరువాతి ఆయిల్ మార్పుకు ఎదురుచూడకుండా ఆయిల్ దించి, కొత్త వాషర్ వేయించి, నిర్ణీత బిగువుకే బిగింపజేయాలి. మెకానిక్‌కు ఫోటోలు పంపేటప్పుడు బండి ఏ స్టాండ్ మీద ఎంతసేపు ఉంది, ఆయిల్ ఎప్పుడు మార్చారు, చైనుకు గ్రీజు ఎప్పుడు పెట్టారు అన్న మూడు వివరాలూ వాటి కిందే రాయాలి.