ఉపాధ్యాయుడు తన వృత్తి వికాస ప్రణాళికను ఎలా రాసుకోవాలి?

జూన్‌లో బడులు తెరిచాక మనలో చాలామంది రాసే ప్రణాళిక ఒకే తీరుగా ఉంటుంది: "బోధనా నైపుణ్యాలు మెరుగుపరచుకోవాలి." ఏప్రిల్ వచ్చేసరికి అది జరిగిందో లేదో రాసినవారికే తెలియదు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏటా కనీసం 50 గంటల వృత్తి వికాసం ఉండాలని చెప్పింది. దీక్షా కోర్సులతో ఆ గంటలు నిండిపోవచ్చు. అంతమాత్రాన తరగతిలో మన పని మారదు. విశాఖపట్నంలో ఏడో తరగతికి సైన్సు చెప్పే నేను, ఆ మార్పు కోసం ఒక్క పేజీలో ప్రణాళిక రాసుకున్న పద్ధతి ఇది.

1. లక్ష్యం కన్నా ముందు లెక్క

పిల్లలు జవాబులు చెప్పడం లేదన్నది నా ఫిర్యాదు. అది నిజమో కాదో చూద్దామని, ప్రధానోపాధ్యాయుడికి చెప్పి, ఒక పాఠంలో పది నిమిషాలు ఫోనులో నా గొంతు రికార్డు చేసుకున్నాను. సాయంత్రం ఇంట్లో విన్నాను. సొంత గొంతు వినడం ఎవరికైనా ఇబ్బందే, అయినా తప్పదు. పది నిమిషాల్లో 24 ప్రశ్నలు అడిగాను. దాదాపు ప్రతిసారీ ఒక సెకను గడవకముందే నేనే జవాబు అందించాను, లేదా ముందు బెంచీ పిల్లల్లో ఒకరిని పిలిచాను. తరగతిలో 38 మంది ఉంటే నోరు విప్పింది ఐదుగురే. లోపం పిల్లల్లో లేదు.

ఇది నా ఒక్కదాని జబ్బు కాదని తర్వాత తెలిసింది. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకనే ఆగుతారని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లోనే గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయని, మాట్లాడే పిల్లల సంఖ్య పెరుగుతుందని ఆమె చూపించారు. పిల్లవాడు జవాబు చెప్పాక కూడా అలాగే ఆగాలి.

2. లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాయండి

నేను రాసుకున్నది ఇది: "సంక్రాంతి సెలవులలోపు, ఆలోచించి చెప్పాల్సిన ప్రతి ప్రశ్న తర్వాత కనీసం మూడు సెకన్లు ఆగుతాను. ఒక పీరియడ్‌లో కనీసం 15 మంది మాట్లాడాలి." ఇందులో నేను చేసే పని ఉంది, పిల్లల్లో కనిపించాల్సిన ఫలితం ఉంది, గడువు ఉంది. రెండో లక్ష్యం జోలికి పోలేదు.

"ఆలోచించి చెప్పాల్సిన" అన్న మాట ముఖ్యం. నీటి రసాయన ఫార్ములా ఏమిటని అడిగి ఆగితే ఒరిగేదేమీ లేదు, తెలిస్తే వెంటనే చెబుతారు. "సముద్రపు గాలి ఇంతగా వీస్తున్నా, మన ఊళ్లో ఒక్కోరోజు బట్టలు త్వరగా ఎందుకు ఆరవు?" అని అడిగితే ఆగాలి. గాలిలో అప్పటికే ఉన్న తేమకూ, ఆవిరి కావడానికీ ఉన్న లంకె వాళ్లు వెతుక్కోవాలి కదా.

3. సాక్ష్యం ఏదో ముందే నిర్ణయించండి

శిక్షణ ధ్రువపత్రం మనం హాజరయ్యామని మాత్రమే చెబుతుంది. పరీక్ష మార్కులూ సరిపోవు, వాటిని పెంచే, తగ్గించే కారణాలు చాలా ఉంటాయి. నేను రెండే పెట్టుకున్నాను. మొదటిది, నెలకోసారి పది నిమిషాల రికార్డింగు. సెకన్లు లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాక దాన్ని చెరిపేయాలి, అందులో పిల్లల గొంతులు ఉంటాయి. రెండోది, బెంచీల పటం. నెలకోసారి తోటి ఉపాధ్యాయురాలు వెనక కూర్చుని, మాట్లాడిన ప్రతి విద్యార్థి చోట ఒక గీత పెడతారు. బదులుగా ఆమె తరగతికి నేను వెళ్తాను.

4. కాలపట్టిక

జూన్ మూడో వారంలో మొదటి లెక్క. జూలైలో రోజుకు రెండే ప్రశ్నలు, ముందుగా పాఠ్య ప్రణాళికలో రాసుకుని అడగాలి. ఆగస్టు నుంచి ప్రతి సైన్సు పీరియడ్‌లో. దసరా సెలవుల ముందు ఒకసారి, సంక్రాంతి ముందు మరోసారి సమీక్ష.

5. సమీక్షలో మనల్ని మనం ఏం అడగాలి?

మూడు ప్రశ్నలు చాలు. రాసుకున్న పని నిజంగా చేశానా? పిల్లల్లో ఏం మారింది? అనుకోనిది ఏం జరిగింది?

దసరా ముందు నాకు పనికొచ్చింది మూడోదే. నేను ఆగుతున్నాను, కానీ పటంలో గీతలు మళ్లీ ముందు బెంచీల దగ్గరే ఉన్నాయి. ఆ మూడు సెకన్లలో చురుకైన పిల్లలు జవాబు అరిచేస్తున్నారు. పైగా నిశ్శబ్దం భరించలేక నేను అదే ప్రశ్నను వేరే మాటల్లో మళ్లీ అడుగుతున్నానని రికార్డింగులో తేలింది, అంటే ఆగనట్టే. అప్పుడు లక్ష్యాన్ని అలాగే ఉంచి పద్ధతి మార్చాను: ఎవరూ చేయి ఎత్తకూడదు, ముందు పక్కవారితో అర నిమిషం మాట్లాడుకోవాలి, తర్వాత డబ్బాలోంచి పేరు చీటీ తీస్తాను.

సంక్రాంతి ముందు పటంలో 17 మంది దగ్గర గీతలు కనిపించాయి. కిటికీ పక్క వరుసలో ఇద్దరు అమ్మాయిల చోటు మాత్రం ఏ నెల పటంలోనూ నిండలేదు. చీటీలో పేరు వచ్చినా తల వంచుకునేవారు, నోటు పుస్తకంలో మాత్రం జవాబు చక్కగా రాసేవారు. వచ్చే జూన్‌లో మొదటి లెక్క వాళ్లలాంటి పిల్లల నోటు పుస్తకాలతోనే మొదలుపెడతాను.